రెండు వాక్యాల పలకరింపు
(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఉద్యోగార్థుల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను పదకొండేళ్ళుగా సరుకు రవాణాకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. అందులో చివరి ఆరేళ్ళు టీమ్ నడుపుతున్నాను. మా టీమ్‌లోకి ఎవరు రావాలో రెజ్యూమెలు చూసి, మాట్లాడి, చివరికి సరేననేది నేనే. ఇలాంటి పనిచేసేవాళ్ళను హైరింగ్ మేనేజర్ అంటారు. హెచ్ఆర్ వాళ్ళు వేరు, రిక్రూటర్ వేరు. రిక్రూటర్ మనిషిని వెతికి తెస్తారు. హైరింగ్ మేనేజర్ ఆ మనిషితో రేపట్నుంచి రోజూ కలిసి పనిచెయ్యాలి. ఈ తేడా గుర్తుంటే నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది.

ఈరోజు రెజ్యూమె గురించి గానీ ఇంటర్వ్యూ గురించి గానీ మాట్లాడను. మీకు ఒక కంపెనీ అంటే ఇష్టం. అక్కడ ఒక టీమ్ నడిపే మనిషి లింక్డ్‌ఇన్‌లో కనిపించారు. ఆయనకు కనెక్షన్ రిక్వెస్టు పంపుతూ, దానికి జతగా ఒక చిన్న నోట్ రాయాలి. ఆ నోట్ గురించే మాట్లాడతాను. ఎందుకంటే అలాంటి నోట్లు నాకు వస్తుంటాయి. వాటిలో చాలా వాటికి నేను జవాబివ్వలేకపోయాను. రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని కాదు. జవాబివ్వడానికి అందులో నాకు చోటు దొరకలేదు.

ముందుగా, చోటు ఎంత ఉంటుందో చూద్దాం. డబ్బు కట్టని ఖాతా అయితే నోట్‌కు 200 అక్షరాలే ఇస్తున్నారు, ప్రీమియం వాళ్ళకు 300. ఇంగ్లీష్‌లో 200 అక్షరాలంటే దాదాపు ముప్పై అయిదు మాటలు, ఖాళీలూ చుక్కలూ కలుపుకుని. పైగా ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లు మాత్రమే రాయనిస్తారు. అందుకని వందమందికి ఒకే నోట్ పంపుదామన్న ఆలోచన మొదట్లోనే పోతుంది. అది పోవడం మంచిదే అంటాను. నెలలో ముగ్గురికి రాయగలరనుకుంటే, ఆ ముగ్గురూ ఎవరో జాగ్రత్తగా ఎంచుకుంటారు కదా.

ఇక నోట్ అందుకున్న మనిషికి ఏం కనిపిస్తుంది? మీ ఫోటో, మీ పేరు, పేరు కింద మీరు రాసుకున్న హెడ్‌లైన్, ఆ తర్వాత నోట్. చాలామంది నోట్‌లో ‘నేను ఫలానా కాలేజీలో బీటెక్ చేశాను, మూడేళ్ళ అనుభవం ఉంది’ అని రాసి సగం చోటు ఖర్చుపెట్టేస్తారు. ఆ సంగతి హెడ్‌లైన్ చెప్పగలదు. కాబట్టి నోట్ రాసేముందు హెడ్‌లైన్ సరిచేసుకోండి. అక్కడ ‘అవకాశాల కోసం చూస్తున్నాను’ అన్న మాటే మొదట కనిపిస్తే, కింద నోట్ ఎంత నిబ్బరంగా రాసినా చదివేవాళ్ళు దాన్ని ఆ వెలుగులోనే చదువుతారు. ఉద్యోగం వెతుక్కోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ముందు మీరు చేసే పని కనబడాలి. ఉద్యోగం వెతుకుతున్న సంగతి రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా పెట్టుకునే వీలు కూడా లింక్డ్‌ఇన్‌లోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన నోట్లలో ఆ దీనత్వం ఎక్కడినుంచి వస్తుంది? నేను దీని గురించి చాలా ఆలోచించాను. మనం జీవితంలో మొట్టమొదట రాసిన ఉత్తరం ఏది? ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో నేర్పిన సెలవు చీటీ. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, నాకు జ్వరంగా ఉంది, దయచేసి రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన, ఇట్లు తమ విధేయ విద్యార్థి. ముందు వందనం, తర్వాత కష్టం, ఆపైన కోరిక, చివర విధేయత. తర్వాత కులం సర్టిఫికెట్‌కి, స్కాలర్‌షిప్‌కి, బ్యాంకు లోన్‌కి అదే అచ్చులో రాశాం. అది అర్జీ. అర్జీకి దాని మర్యాద దానికుంది, ఎమ్మార్వో ఆఫీసులో అది సరైన రూపమే. అక్కడ కూర్చున్నాయన దగ్గర మనకు రావలసినది ఉంది, ఇవ్వడం ఆయన విధి.

కానీ హైరింగ్ మేనేజర్ దగ్గర మనకు రావలసినది ఏదీ లేదు. మనమెవరో ఆయనకు తెలియదు. అలాంటి మనిషికి అర్జీ రూపంలో రాస్తే ఏమవుతుందో నా వైపు నుంచి చెబుతాను. ‘మేడమ్, ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్నాను, ఇంట్లో ఇబ్బందిగా ఉంది, ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు, దయచేసి సాయం చెయ్యండి’ అని ఒక నోట్ వస్తుంది. చదవగానే మనసు కలుక్కుమంటుంది. కానీ నేను చెయ్యగలిగేది ఏమిటి? నా చేతిలో ఖాళీ లేకపోవచ్చు. ఉన్నా, ‘ఏ ఉద్యోగమైనా’ అన్న మనిషికి ఏది సరిపోతుందో నేను కూర్చుని ఆలోచించాలి. సరేనని నొక్కితే ఆశ పెట్టినట్టవుతుంది, వద్దని నొక్కితే పాపం అనిపిస్తుంది. అందుకని ఏదీ నొక్కకుండా వదిలేస్తాను. ఆ రిక్వెస్టు అలాగే పడి ఉంటుంది. రాసినవాళ్ళేమో నేను పట్టించుకోలేదనుకుంటారు.

అంటే దీనత్వం అనేది ‘దయచేసి’ అన్న ఒక్క మాటలో లేదు. ఆ మాట తీసేసినా అది పోదు. చదివిన మనిషి చేతిలో మీరు ఎంత బరువు పెట్టారన్నదాంట్లో ఉంది. నోట్ చదివాక ఆయన చెయ్యాల్సిన పని ఒక్కటే అయివుండాలి: సరేనని నొక్కడం. అంతకుమించి ఇంకేం అడిగినా, రెజ్యూమె చూడమన్నా, పది నిమిషాలు మాట్లాడమన్నా, రిఫర్ చెయ్యమన్నా, అది కనెక్షన్ నోట్ పరిధి దాటినట్టే.

ఇదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. మా పిన్నికి తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకరు రొయ్యల్ని శుద్ధిచేసి ఎగుమతి చేసే ప్లాంటులో, నాణ్యత చూసే క్యూసీ విభాగంలో మూడేళ్ళుగా పనిచేస్తోంది. మన విశాఖ రేవు నుంచి రొయ్యలు ఎంతగా పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. గడ్డకట్టించిన రొయ్యల్ని మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉంచుతూ రీఫర్ కంటైనర్‌లోకి ఎక్కిస్తారు. లోపల డేటా లాగర్ అనే చిన్న పరికరం పెడతారు. దారి పొడుగునా ఉష్ణోగ్రత ఎంతుందో అది నమోదు చేస్తుంది. ఈ అమ్మాయికి ఆ పరికరాలు, వాటి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీ అంటే ఇష్టం ఏర్పడింది. రోజూ వాటితోనే పని కదా. ఆ కంపెనీలో, పరికరాలు కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాటిని సరిగ్గా వాడేలా చూసే టీమ్ ఒకటుంది. ఆ టీమ్ నడిపేది పుణెలో ఉన్న ఒకాయన. ఆయనకు రాయాలని నా దగ్గరికి వచ్చింది.

మొదట తను రాసుకొచ్చిన నోట్ ఇది. ఇంగ్లీష్‌లో రాసింది, నేను తెలుగులో చదువుతాను.

‘గౌరవనీయులైన సర్, మీ కంపెనీ అంటే నాకు చాలా అభిమానం. మీలాంటి గొప్ప సంస్థలో పనిచేయడం నా కల. క్యూసీలో మూడేళ్ళ అనుభవం ఉంది. ఏదైనా అవకాశం ఉంటే దయచేసి పరిగణించగలరు.’

నేను తనని ఒక్కటే అడిగాను. “అమ్మా, ఇందులో కంపెనీ పేరు ఎక్కడా లేదు కదా. దీన్ని ఇలాగే తీసుకెళ్ళి పరవాడ ఫార్మా కంపెనీ మేనేజర్‌కి పంపితే సరిపోతుందా, సరిపోదా?” కాసేపు చూసి, “సరిపోతుందక్కా” అంది. “మరి అభిమానం ఆయన మీదే అని ఆయనకెలా తెలుస్తుంది?”

అభిమానం ఉందని చెబితే అది పొగడ్తగా వినబడుతుంది. ఆయన చేసినదాంట్లో ఒకదాన్ని మీరు నిజంగా చూశారని తెలిస్తే, అది అభిమానమని ఆయనకే అర్థమవుతుంది. కాబట్టి మొదటి వాక్యం ఆయన పని గురించి ఉండాలి. అది ఎక్కడ దొరుకుతుంది? ఆయన లింక్డ్‌ఇన్‌లో పెట్టిన పోస్టులు, ఇతరుల పోస్టుల కింద రాసిన కామెంట్లు, ఎక్కడైనా మాట్లాడిన వీడియో, కంపెనీ కొత్తగా విడుదల చేసినదాని వివరణ. ఇద్దరం కూర్చుని ఆయన పోస్టులు కిందిదాకా చదివాం. నాలుగు నెలల కిందటి ఒక పోస్టులో ఆయన ఇలా రాసుకున్నారు: కంటైనర్ తలుపు తీసినప్పుడల్లా లాగర్ అలారం మోగుతోంది, వాటిలో ఎక్కువ భాగం అనవసరమైనవే, దీన్ని ఎలా తగ్గించాలా అని చూస్తున్నాం. దానికి పెద్దగా లైకులు లేవు. అలాంటి పోస్టే మనకు కావాలి. అవార్డు తీసుకున్న ఫోటో కింద అందరూ అభినందనలు చెబుతారు. తలనొప్పి గురించి రాసిన పోస్టును పట్టించుకునేది ఆ తలనొప్పి తెలిసినవాళ్ళే.

అది చదవగానే ఆ అమ్మాయి ముఖం మారింది. “అక్కా, ఇది నాకు రోజూ కనిపించేదే. లోడింగ్ అప్పుడు తలుపు తీసే ఉంచాలి. అప్పుడూ అదే మోత, నిజంగా ఎవరైనా తలుపు వేయడం మర్చిపోయినా అదే మోత. అందుకే మావాళ్ళు దాన్ని ఆపేస్తుంటారు” అంది. రెండో నోట్ వెంటనే రాసేసింది.

‘తలుపు అలారాల గురించి మీరు రాసింది మా రొయ్యల ప్లాంటులో రోజూ చూస్తున్నాను, లోడింగ్ చేసేవాళ్ళు లాగర్ మోత ఆపేస్తున్నారు. నేను అక్కడే క్యూసీలో ఉన్నాను, మీ పనిని గమనిస్తూ ఉండాలనుంది.’

మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. ఇందులో అడుక్కోవడం లేదు, పొగడ్త లేదు, ఇంకెవరికీ పంపలేం. అయినా ఇది పంపొద్దన్నాను. ఎందుకో ఆలోచించండి. తన హెడ్‌లైన్‌లో తను పనిచేసే ప్లాంటు పేరుంది. ఆ ప్లాంటులో అలారాలు ఆపేస్తున్నారని బయటి మనిషికి, అందులోనూ అదే రంగంలో ఉన్న మనిషికి, రాతపూర్వకంగా చెప్పినట్టయింది. ఆ ప్లాంటు ఆయన కంపెనీకి ఖాతాదారు కూడా కావచ్చు. అది పక్కన పెట్టినా, చదివిన మేనేజర్‌కి ఒక అనుమానం వస్తుంది: ఈ అమ్మాయి రేపు మా దగ్గర చేరితే మా లోపాలు కూడా ఇలాగే ఎవరికో రాస్తుందా అని. నాకైతే వస్తుంది. మనకు తెలిసినది చూపించాలన్న ఆత్రంలో, చాలా మంచి నోట్లు ఇక్కడే దెబ్బతింటాయి. ఆత్రం కూడా దీనత్వం లాంటిదే, చదివేవాళ్ళకు అది తెలిసిపోతుంది.

దారి ఏమిటంటే మనుషుల తప్పు వదిలేసి, పనిలో ఉన్న చిక్కును మాత్రమే చెప్పాలి. చిక్కు ఎవరి రహస్యమూ కాదు. మూడో నోట్ ఇలా వచ్చింది.

‘తలుపు అలారాల గురించి మీరు రాసింది రొయ్యల లోడింగ్ దగ్గర నేను చూసేదే: పని కోసం తీసిన తలుపుకీ, మరిచిపోయిన తలుపుకీ మోత ఒక్కటే. నేను వైజాగ్‌లో క్యూసీలో పనిచేస్తాను, మీ పనిని గమనిస్తూ ఉండాలనుంది.’

ఇంగ్లీష్‌లో ఆయన పేరుతో పలకరింపు కలిపినా 200 అక్షరాల లోపే సరిపోయింది. రెండే వాక్యాలు. మొదటి దాంట్లో ఆయన పని, దానికి తగిలేలా తను చూసిన ఒక్క సంగతి. రెండో దాంట్లో తను ఎవరు, ఎందుకు కనెక్ట్ అవుతోంది. ‘సర్’ తీసేసి పేరు పెట్టమంటే తనకు చాలా ఇబ్బందనిపించింది. పెద్దాయన్ని పేరుపెట్టి పిలవడం మనకు అలవాటు లేని పని. అక్కడ నేను పట్టుబట్టలేదు. ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఈ రంగంలో పేరు రాయడమే వాడుక, తప్పుగా ఎవరూ అనుకోరు. అయినా మీకు చెయ్యి రాకపోతే ఒక్కసారి సర్ అన్నా నష్టం లేదు. ప్రతి వాక్యానికీ అది తగిలించొద్దు, అంతే.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. ఉద్యోగం కావాలని మనసులో పెట్టుకుని, పనిని గమనిస్తూ ఉండాలనుంది అని రాయడం దాపరికం కాదా? ఆ అమ్మాయి కూడా అడిగింది. అప్పటికి ఆ టీమ్‌లో ఖాళీ ఏదీ ప్రకటించలేదు. తను నిజంగానే ఆ పనిని గమనించాలనుకుంది. కాబట్టి అది నిజమే. ఖాళీ ప్రకటించి ఉంటే మాత్రం దాచకూడదు. ముందు అప్లై చేసి, రెండో వాక్యంలో ‘మీ టీమ్‌లోని ఫలానా పోస్టుకు ఈ వారం అప్లై చేశాను’ అని ఉన్నదున్నట్టు రాయండి. అది సమాచారం. ‘నా అప్లికేషన్ కాస్త చూడండి’ అని దాని వెనకాల తోక తగిలిస్తే మళ్ళీ అర్జీ అయిపోతుంది. అప్లై చేశారని తెలిస్తే, చూడాలో వద్దో ఆయనకు తెలుసు.

పంపేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, దాని గురించి కూడా చెప్పాలి. నోట్‌ను ముందు ఫోన్‌లో వేరేచోట రాసుకోండి, అక్షరాలు లెక్కపెట్టుకోండి, ఆయన పేరు స్పెల్లింగ్ ప్రొఫైల్‌లో ఎలా ఉందో అలాగే ఉందా చూసుకోండి. ఆ తర్వాతే లింక్డ్‌ఇన్ తెరవండి. మొబైల్‌లో గబుక్కున Connect నొక్కితే కొన్నిసార్లు నోట్ అడగకుండానే రిక్వెస్టు వెళ్ళిపోతుంది. కొందరి ప్రొఫైల్‌లో Connect పైకి కనిపించదు, Follow ఒక్కటే ఉంటుంది, మిగతాది More లోపల ఉంటుంది. వీలైతే కంప్యూటర్‌లో పంపండి, అక్కడ Add a note అని స్పష్టంగా అడుగుతుంది. పొరపాటున నోట్ లేకుండా వెళ్ళిపోతే కంగారుపడి వెంటనే Withdraw చెయ్యకండి. వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి వస్తుంది. దానికంటే అలాగే ఉంచి, ఆయన ఒప్పుకుంటే అప్పుడు మెసేజ్‌లో ఆ రెండు వాక్యాలు రాయడం నయం.

పంపాక ఎదురుచూపు. ఇక్కడ కూడా తొందర బయటపడుతుంది. మూడోరోజు ఆయన ప్రతి పోస్టుకూ లైకు కొట్టడం, మెయిల్ ఐడీ వెతికి పట్టుకుని ‘నా రిక్వెస్టు చూశారా’ అని రాయడం, అదే కంపెనీలో మరో ఐదుగురికి అదే నోట్ పంపడం. వాళ్ళంతా ఒకే ఆఫీసులో కూర్చుంటారు, ఒకరికొకరు చూపించుకుంటారు. మాకు ఒకసారి ఒకే అబ్బాయి నోట్ నలుగురికి వచ్చింది, నాలుగింటిలోనూ ‘మీ పనే నాకు స్ఫూర్తి’ అని ఉంది. ఆ అబ్బాయి పని ఎలాంటిదో మేమెవరం చూడలేదు. నిజంగా బాగా చేసేవాడేమో కూడా. ఇప్పటికీ నాకది బాధగానే ఉంది.

మన అమ్మాయి నోట్ పంపి తన పనిలో పడింది. తొమ్మిదోరోజు ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే ఆ నోట్ మెసేజ్‌ల్లో మొదటి మెసేజ్‌గా కూర్చుంటుంది, అందుకే అందులో రాసే ప్రతి మాటా తర్వాత కూడా పైన కనబడుతూనే ఉంటుంది. తను నాకు ఫోన్ చేసి, “అక్కా, ఇప్పుడు రెజ్యూమె పంపెయ్యనా?” అంది. వద్దన్నాను. నోట్‌లో ఏమీ అడగకుండా, తలుపు తీయగానే అడిగేస్తే మొదటి రెండు వాక్యాలూ ఎర వేసినట్టవుతాయి. ‘కనెక్ట్ అయినందుకు సంతోషం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోమన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆయనే అడిగారు: మీ దగ్గర లోడింగ్‌లో తలుపు సాధారణంగా ఎంతసేపు తీసి ఉంటుంది? తను ప్లాంటు రికార్డుల జోలికి పోలేదు. ఆ లెక్కలు తనవి కావు, కంపెనీవి. కళ్ళతో చూసే పని క్రమాన్ని మాత్రం రాసింది. పెట్టెలు వరసగా వస్తుంటే తలుపు తీసే ఉంటుంది, కోల్డ్ స్టోరేజీ నుంచి ట్రాలీ రావడం ఆలస్యమైతే మూయాలి, ఆ మధ్య ఖాళీలోనే మరిచిపోవడం జరుగుతుంది, కాబట్టి తలుపు తీసి ఉన్న సమయం ఒక్కటే చూస్తే తేడా తెలియదు, పెట్టెల కదలిక ఆగిందా లేదా అన్నది కూడా చూడాలి. ఐదు వాక్యాలు రాసింది. పంపేముందు నాకు చూపించలేదు కూడా. చూపించాల్సిన అవసరం లేదు, అది తన పని, తనకు తెలిసిన పని.

రెండు నెలలకు ఆ టీమ్‌లో ఒక ఖాళీ పడింది. తను మామూలు పద్ధతిలోనే వెబ్‌సైట్‌లో అప్లై చేసి, అదే మెసేజ్‌ల కింద ఒక్క వాక్యం రాసింది, ఫలానా పోస్టుకు ఈరోజు అప్లై చేశానని. పోయిన వారమే మొదటి ఇంటర్వ్యూ అయింది. రెండో దానికి పిలుస్తారో లేదో ఇంకా తెలియదు.

మీలో ఎవరైనా నోట్ రాసుకుని తెచ్చుంటే ఇటు ఇవ్వండి, కలిసి చూద్దాం. మీ కంపెనీ పేరు, అవతలి మనిషి పేరు కొట్టేసి ఇవ్వండి.